నీళ్లు నిండిన ఇనుప పైపు - మీటరు బరువు, సపోర్టుల దూరం



కట్టుబడి పనులు జరిగేచోట లారీలోంచి ఆరంగుళాల ఇనుప పైపులు దించడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆరు మీటర్ల పొడవున్న ఒక్కో పైపును నలుగురు కలిసి భుజాన వేసుకొని తీసుకెళ్తారు. బి క్లాసు పైపు అయితే అది సుమారు 115 కిలోలు ఉంటుంది. మోసేవాళ్లకు ఆ బరువు లెక్క కట్టి చెప్పనక్కరలేదు, భుజానికే తెలుసు. అదే పైపును బేస్‌మెంటులో స్లాబు కింద వేలాడదీసి నీళ్లు నింపితే బరువు 229 కిలోలు అవుతుంది. ఈ రెండో బరువును మనుషులెవరూ మోయరు. క్లాంపు మోస్తుంది, రాడ్డు మోస్తుంది, స్లాబులో దిగిన ఆంకర్ బోల్టు మోస్తుంది. అందుకే అది ఎవరి అనుభవంలోకీ రాదు. లెక్క కట్టి తెలుసుకోవాల్సిందే.

మా నాన్నగారు పైపు ఫిట్టర్ల దగ్గర హెల్పరుగా పనిచేశారు. ఆయన చెప్పే పైపు బరువులు దుకాణం చీటీలో ఉండే బరువులకు సరిగ్గా సరిపోయేవి. నిండు పైపు బరువు అడిగితే మాత్రం "నీళ్ల బరువేముంది, ఇనుము ముందు నీళ్లెంత?" అనేవారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఆ మాట తప్పని తేల్చడానికి మాకు ఇంజనీరింగ్ పుస్తకమేమీ కావలసి రాలేదు. పదో తరగతి క్షేత్రమితి, సాంద్రత పాఠం సరిపోయాయి. ఆ లెక్కను ఒక్క పైపు మీద మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం.

మొదట పైపును కొలవాలి

మనం తీసుకునే పైపు పేరు 150 ఎన్.బి. పేరులో 150 ఉంది కాబట్టి వ్యాసం 150 మి.మీ. అనుకుంటే మొదటి అడుగే తప్పు పడుతుంది. ఎన్.బి. అంటే నామినల్ బోరు, అంటే పిలవడానికి పెట్టుకున్న కొలత. ఈ పైపు బయటి వ్యాసం 150 కాదు, లోపలి వ్యాసమూ 150 కాదు. మన దేశంలో నీటి పైపులకు వాడే ఐ.ఎస్. 1239 ప్రకారం దీని బయటి వ్యాసం 165.1 మి.మీ. బి క్లాసులో గోడ మందం 4.85 మి.మీ. పైపు మీద రంగు పట్టీ చూసి క్లాసు గుర్తుపట్టవచ్చు. పసుపు ఉంటే ఎ క్లాసు (తేలిక), నీలం ఉంటే బి క్లాసు (మధ్యరకం), ఎరుపు ఉంటే సి క్లాసు (బరువైనది). క్లాసు మారితే గోడ మందం మారుతుంది, బయటి వ్యాసం మాత్రం అదే. మరలు, ఫిట్టింగులు అన్నింటికీ సరిపోవాలి గదా, అందుకని బయటి కొలతను మార్చరు. గోడ మందం పెరిగినప్పుడు అది లోపలికే పెరుగుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో ఒక లెక్కలో పనికొస్తుంది.

రంగు పోయిన పాత పైపు అయితే కొలుచుకోవాలి. బయటి వ్యాసాన్ని స్కేలు అడ్డంగా పెట్టి కొలిస్తే సరిగా రాదు. పైపు చుట్టూ టేపు చుట్టి చుట్టుకొలత తీసుకొని 3.1416తో భాగించాలి. మన పైపుకు చుట్టుకొలత 518.7 మి.మీ. వస్తుంది, భాగిస్తే 165.1. టేపు చదవడంలో ఒక మి.మీ. తేడా వచ్చినా వ్యాసంలో వచ్చే తేడా దానిలో మూడో వంతే. గోడ మందాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో పైపు కొసన నాలుగు వైపులా కొలిచి సగటు తీసుకోవాలి. వెల్డింగు కోసం అంచును ఏటవాలుగా గీసి ఉంటే అక్కడ కొలవకూడదు, మందం తక్కువ చూపిస్తుంది. కోసినచోట లోపలికి మడిచిన బిరుసు అంచు ఉంటే ఆకురాయితో తీసేసి కొలవాలి, లేకపోతే మందం ఎక్కువ చూపిస్తుంది.

ఇనుము బరువు

బోలు స్థూపం ఘనపరిమాణానికి సూత్రం మీకు తెలుసు. పెద్ద స్థూపంలోంచి చిన్న స్థూపాన్ని తీసేయాలి. అదే సంగతిని ఇంకో విధంగా చూస్తే లెక్క సులువవుతుంది. ఒక మీటరు పైపును నిలువునా కోసి, చుట్టను విప్పి, నేలమీద రేకులా పరిచామని ఊహించుకోండి. ఆ రేకు పొడవు ఒక మీటరు, మందం 4.85 మి.మీ. మరి వెడల్పు ఎంత? బయటి చుట్టుకొలత తీసుకుంటే ఎక్కువవుతుంది, లోపలి చుట్టుకొలత తీసుకుంటే తక్కువవుతుంది. గోడకు నడిమధ్యలో తిరిగే చుట్టుకొలతే అసలు వెడల్పు. నడిమధ్య వ్యాసమంటే బయటి వ్యాసంలోంచి ఒక మందాన్ని తీసేసినది, ఒక్కో పక్క సగం మందం చొప్పున.

బయటి వ్యాసాన్ని D అని, మందాన్ని t అని మి.మీ.లలో తీసుకుందాం. రేకు అడ్డుకోత వైశాల్యం 3.1416 × (D − t) × t. ఉక్కు సాంద్రత ఘనమీటరుకు 7850 కిలోలు. ప్రమాణాలన్నీ సరిచేసి స్థిరాంకాలను ఒకచోటికి చేరిస్తే ఈ చిన్న సూత్రం మిగులుతుంది.

ఇనుము (కిలోలు/మీటరు) = 0.02466 × t × (D − t)

ఇందులో 0.02466 ఎక్కడినుంచి వచ్చిందో మీరే చూసుకోవచ్చు. 3.1416ను 7850తో గుణించి పది లక్షలతో భాగిస్తే అదే వస్తుంది. మన పైపుకు D − t విలువ 160.25. దాన్ని 4.85తో గుణిస్తే 777.2. దాన్ని 0.02466తో గుణిస్తే 19.17. అంటే మీటరుకు 19.17 కిలోలు. ఆరు మీటర్ల పైపుకు 115 కిలోలు, అంటే భుజాలు చెప్పిన బరువే.

పేరులోని 150ని బయటి వ్యాసంగా పెట్టి ఇదే లెక్క చేస్తే 17.36 వస్తుంది. సుమారు తొమ్మిదిన్నర శాతం తక్కువ. లెక్క చూడటానికి బాగానే ఉంటుంది, ఎక్కడా తప్పు కనబడదు. అందుకే కొలతల మాట అంతగా చెప్పవలసి వచ్చింది.

నీటి బరువు

నీరు నిండే ఖాళీ వ్యాసం కావాలంటే బయటి వ్యాసంలోంచి రెండు మందాలు తీసేయాలి. ఇనుముకు ఒక మందం, నీటికి రెండు మందాలు. పరీక్షలోనూ సైటులోనూ ఎక్కువమంది ఈ రెండింటినీ కలగలిపేస్తారు. మన పైపుకు 165.1 లోంచి 9.7 తీసేస్తే లోపలి వ్యాసం 155.4 మి.మీ.

ఒక లీటరు నీరు ఒక కిలో. ఒక మీటరు పొడవున్న పైపులో ఎన్ని లీటర్లు పడతాయో అన్ని కిలోలు.

నీరు (కిలోలు/మీటరు) = 0.0007854 × (D − 2t)²

155.4ను వర్గం చేస్తే 24149. దాన్ని 0.0007854తో గుణిస్తే 18.97. అంటే మీటరుకు 18.97 కిలోల నీరు. ఇనుము 19.17, నీరు 18.97. దాదాపు సమానం! రెండూ కలిపితే మీటరుకు 38.14 కిలోలు.

కాగితం లేనిచోట సరిచూసుకోవడానికి ఒక నోటిలెక్క ఉంది. పైపును అంగుళాల్లో పిలిచే అంకెను వర్గం చేసి సగం చేయండి. ఆరంగుళాల పైపుకు ఆరార్లు ముప్పయ్యారు, సగం పద్దెనిమిది. మీటరుకు పద్దెనిమిది లీటర్లకు కొంచెం పైగా అని అర్థం. నాలుగంగుళాలకు పదహారులో సగం ఎనిమిది, అసలు లెక్క 8.7. ఈ లెక్క కాస్త తక్కువే చూపిస్తుంది, కనుక దీనితో సపోర్టులు నిర్ణయించకూడదు. కాలిక్యులేటరులో వచ్చిన జవాబులో దశాంశ బిందువు తప్పిందో లేదో తేల్చుకోవడానికి మాత్రం చాలు.

పైపు పెద్దదైతే ఏమవుతుంది?

ఆరంగుళాల బి క్లాసు పైపులో నీరు, ఇనుము సమానంగా రావడం కేవలం ఆ కొలతల కలయిక. అన్ని పైపులకూ అలా రాదు. సూత్రాలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇనుము వ్యాసంతో పెరుగుతుంది, నీరు వ్యాసం వర్గంతో పెరుగుతుంది. కాబట్టి చిన్న పైపులో ఇనుముదే పైచేయి, పెద్ద పైపులో నీటిదే పైచేయి.

ఒక అంగుళం బి క్లాసు పైపు తీసుకుంటే బయటి వ్యాసం 33.7, మందం 3.25. ఇనుము 2.44 కిలోలు, నీరు 0.58 కిలోలు. ఇక్కడ నాన్నగారి మాట దాదాపు నిజమే. ఇళ్లలో, హాస్టళ్లలో గోడలకు పోయే పైపులన్నీ ఈ కోవలోవే, బహుశా ఆ మాట అక్కడినుంచే పుట్టి ఉంటుంది. ఇప్పుడు 508 మి.మీ. బయటి వ్యాసం, 6.35 మి.మీ. మందం ఉన్న పెద్ద పైపు చూడండి. ఇనుము మీటరుకు 78.6 కిలోలు, నీరు 192.7 కిలోలు. ఇనుముకు రెండున్నర రెట్ల నీరు! పంపుహౌసుల దగ్గర ఇలాంటి పైపు ఖాళీగా స్తంభాల మీద పడుకుని ఉంటే, ఆ స్తంభాలకు అసలు పని ఇంకా మొదలు కాలేదన్నమాట.

సపోర్టుల మధ్య ఎంత దూరం?

ఇప్పుడు మన 38.14 కిలోలను వాడుకుందాం. రెండు సపోర్టుల మీద ఆనిన పైపు తన బరువుకు తానే మధ్యలో కొంచెం కుంగుతుంది. ఆ కుంగుడుకు దూలాల పాఠంలోని సూత్రం ఇది.

y = 5 w L⁴ / (384 E I)

w అంటే సెంటీమీటరుకు బరువు, ఇక్కడ 0.3814 కిలోలు. L అంటే సపోర్టుల మధ్య దూరం సెం.మీ.లలో. E అంటే ఉక్కు యంగ్ గుణకం, చదరపు సెం.మీ.కు సుమారు 20 లక్షల కిలోలు. I అంటే అడ్డుకోత ఆకారం వంగుడును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, ఇంజనీరింగ్ విద్యార్థులు దీన్ని మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అంటారు. పైపుకు అది 0.0491 × (D⁴ − d⁴). ఇందులో d లోపలి వ్యాసం, రెండూ సెం.మీ.లలో. మన పైపుకు I విలువ 784.5 వస్తుంది.

దూరం 6 మీటర్లు, అంటే 600 సెం.మీ. పెట్టి చేస్తే కుంగుడు 0.41 సెం.మీ., అంటే 4.1 మి.మీ. వస్తుంది. ఖాళీ పైపుకైతే అందులో సగం. నాలుగు మి.మీ.లకు ఇంత లెక్కెందుకని మీరు అడగవచ్చు. పైపు లైనును ఎప్పుడూ కొద్దిపాటి వాలుతో వేస్తారు, ఖాళీ చేసినప్పుడు నీరంతా ఒక కొసకు జారిపోవాలని. కుంగుడు ఎక్కువైతే ప్రతి రెండు సపోర్టుల మధ్యా ఒక చిన్న గుంట తయారై నీరు నిలిచిపోతుంది. నీరు నిలిచినచోట తుప్పు పడుతుంది. ఆవిరి పైపులో అయితే నిలిచిన నీటిని ఆవిరి విసురుగా తోసుకెళ్లి వంపుల దగ్గర సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. అందుకే కుంగుడుకు సుమారు 2.5 మి.మీ. హద్దు పెడతారు.

ఆ హద్దును సూత్రంలో పెట్టి దూరం కనుక్కుంటే నీళ్లు నిండిన మన పైపుకు 5.3 మీటర్లు, ఖాళీ పైపుకు 6.3 మీటర్లు వస్తాయి. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం వారి పవర్ పైపింగ్ నిబంధనల్లో, అంటే బి31.1లో, ఒక పట్టిక ఉంది. ఆరంగుళాల పైపుకు నీరైతే 17 అడుగులు, ఆవిరి, గాలి, గ్యాసు అయితే 21 అడుగులు అని అందులో రాశారు. మీటర్లలో 5.2, 6.4. వాళ్ల పట్టిక మన బి క్లాసు కన్నా మందమైన పైపుకు, పైన ఇన్సులేషన్ కూడా కలిపి, కొసలు బిగించి ఉన్నట్టు ఊహించి తయారుచేసింది. కాబట్టి అంకెలు అచ్చంగా కలవనక్కరలేదు. అయినా ఇంత దగ్గరగా వచ్చాయంటే మన లెక్క దారి తప్పలేదనుకోవచ్చు. ఆ పట్టికకు కుంగుడు హద్దు అంగుళంలో పదో వంతు, అంటే ఇంచుమించు మన 2.5 మి.మీ.లే.

ఇక్కడ ఆగి ఒక విషయం గమనించండి. బరువు రెట్టింపైనా దూరం 6.3 నుంచి 5.3కే తగ్గింది. కారణం సూత్రంలోని L⁴. దూరాన్ని కొంచెం తగ్గించినా కుంగుడు బాగా తగ్గిపోతుంది. దీన్ని చూసి కొందరు నీటి బరువును తేలిగ్గా తీసుకుంటారు. "మీటరు తేడాయే కదా, పైపు గట్టిది, ఏమీ కాదు" అంటారు. పైపు వరకు ఆ మాట నిజమే. ఆరు మీటర్ల దూరంలో నీళ్లు నిండినా మన పైపులో వంపు వల్ల వచ్చే ప్రతిబలం చదరపు సెం.మీ.కు సుమారు 180 కిలోలు. పట్టిక తయారుచేసినవాళ్లు పెట్టుకున్న 162 కిలోల హద్దు దాటినా, ఉక్కు శాశ్వతంగా వంగిపోయే స్థాయి దీనికి ఎన్నో రెట్లు పైన ఉంటుంది. పైపు తెగదు, విరగదు. మరి తెగేది ఏది?

పైపు కాదు, పట్టుకున్నది జారుతుంది

ఒక్కో సపోర్టు మోసే బరువు చాలా సులువైన లెక్క. మీటరు బరువును సపోర్టుల దూరంతో గుణించడమే. ఎటుపక్క నుంచి సగం, ఇటుపక్క నుంచి సగం కలిపి ఒక పూర్తి దూరం బరువు దాని మీద పడుతుంది. ఇందులో నాలుగో ఘాతం లేదు. బరువు రెట్టింపైతే సపోర్టు మీద బరువు కూడా అచ్చంగా రెట్టింపు. ఆరు మీటర్లకు ఒకటి చొప్పున వేలాడదీస్తే ఖాళీగా 115, నిండుగా 229. ఎవరైనా దుకాణం చీటీలోని బరువు చూసి, రెండింతల భద్రత ఉండాలని 230 కిలోల ఆంకర్ పెట్టారనుకోండి. నీళ్లు నింపిన రోజే ఆ భద్రత అంతా ఖర్చయిపోతుంది. పంపు మొదలైనప్పుడు వచ్చే కుదుపుకు, స్లాబులో ఉన్న చిన్న పగులుకు ఇక ఏమీ మిగలదు.

ఆరు మీటర్ల దూరం మేము ఊరికే తీసుకోలేదు. పైపులు సాధారణంగా ఆరు మీటర్ల పొడవుతో వస్తాయి. ఫిట్టర్లు పైపుకొక క్లాంపు చొప్పున వేసుకుంటూ పోతే దూరం దానంతటదే ఆరు మీటర్లవుతుంది. ఎవరూ లెక్కగట్టి పెట్టిన దూరం కాదది, లారీ పొడవు పెట్టిన దూరం.

సెలవుల్లో నాన్నగారితో వెళ్లినప్పుడు ఒకచోట ఇలా వేసిన లైనును నీళ్లతో నింపడం చూశాము. బేస్‌మెంటులో స్లాబు కింద ఆరంగుళాల లైను. ఖాళీగా నెల రోజులు నిక్షేపంగా ఉంది. నీరు నిండుతుండగా మూడో హ్యాంగరు దగ్గర ఆంకర్ వాషరుకూ స్లాబుకూ మధ్య రూపాయి బిళ్ల దూరేంత సందు కనబడింది. మేస్త్రీ చూసి వెంటనే "కిందనుంచి అందరూ బయటికి రండి" అని కేకేసి వాల్వు కట్టించారు. లైను ఖాళీ చేయించాక రెండు హ్యాంగర్ల నడుమ ఇంకొకటి చొప్పున వేయించారు. దూరం మూడు మీటర్లయింది. నిండినప్పుడు ఒక్కోదాని మీద బరువు 114 కిలోలు. జారిన ఆంకరును మళ్లీ బిగించకుండా, పక్కన కొత్త రంధ్రం వేసి కొత్తది దించారు. ఒకసారి జారిన రంధ్రం గోడలు అరిగిపోయి ఉంటాయి, ఎంత బిగించినా పట్టు రాదు.

లైను ఖాళీ చేశాకే కొత్త హ్యాంగరు వేయడం ఊరికే చేసిన పని కాదు. నీళ్లు ఉండగానే, కుంగిన పైపుకు కింద క్లాంపు తగిలించి నట్టు తాకేదాకా తిప్పి వదిలేస్తే, చూడటానికి సపోర్టు ఉంటుంది కాని బరువంతా పాతవాటి మీదే ఉంటుంది. ఖాళీ చేసి, పైపును దారం గీతకు తెచ్చి, నట్టు బిగించి, ఆ తర్వాత నింపితేనే కొత్తది తన వాటా తీసుకుంటుంది. క్లాంపును చేత్తో ఆడించి చూస్తే తెలిసిపోతుంది. నిండు లైనులో వదులుగా కదిలే క్లాంపు ఏమీ మోయడం లేదు.

నింపే రోజు చూడాల్సినవి రెండే. ఒకటి, ఆంకర్ల దగ్గర సందు. రెండోది, రెండు సపోర్టుల మధ్య పైపు అడుగున లాగి కట్టిన దారం. నింపకముందు, నింపాక మధ్యలో దారానికి పైపు ఎంత దగ్గరైందో స్కేలుతో కొలవాలి. మన లెక్క ప్రకారం ఆరు మీటర్లకు ఆ తేడా సుమారు 2 మి.మీ. ఉండాలి. నిజానికి లైను ఏకధాటిగా పోతుంది కాబట్టి పక్క పైపులు కొంత పట్టుకుని ఇంకా తక్కువే వస్తుంది. అంతకన్నా ఎక్కువ వచ్చిందంటే పైపు వంగలేదు, సపోర్టు దిగిందని అనుమానించాలి. ఒక హ్యాంగరు పూర్తిగా ఊడితే దూరం రెట్టింపవుతుంది, కుంగుడు పదహారు రెట్ల దాకా పోవచ్చు, పక్కనున్న రెండింటి మీద బరువు ఒకటిన్నర రెట్లవుతుంది. మన లైనులో 229 మోస్తున్నవి ఒక్కసారిగా 343 మోయాలి. అందుకే హ్యాంగర్లు ఊడితే ఒక్కటితో ఆగవు, వరసగా ఊడతాయి.

ఎప్పుడూ నీరు ఉండని పైపు సంగతి?

గాలి లైను, ఆవిరి లైను, గ్యాసు లైను జీవితమంతా ఖాళీ పైపు బరువుతోనే ఉంటాయి. అయినా వాటిలో చాలావాటికి ఒక రోజు నీళ్లు పోస్తారు, ఒత్తిడి పరీక్ష రోజున. గాలితో పరీక్షిస్తే పైపు పగిలినప్పుడు నొక్కిపెట్టిన గాలి బాంబులా విడుదలవుతుంది, నీటికి ఆ ప్రమాదం తక్కువ. అందుకని నీళ్లతో పరీక్షించడమే పద్ధతి. మరి 21 అడుగుల దూరానికి వేసిన సపోర్టులకు ఆ ఒక్కరోజు నిండు బరువు పడుతుంది. ముందే ఆ బరువుకు సరిపడా సపోర్టులు వేయాలి, లేదా పరీక్ష అయ్యేదాకా నడుమ తాత్కాలిక సపోర్టులు పెట్టాలి. ఆవిరి లైన్లకు స్ప్రింగు హ్యాంగర్లు ఉంటే నింపకముందు వాటిని పిన్నులతో కదలకుండా బిగించి, ఖాళీ చేశాక పిన్నులు తీస్తారు. తీయడం మరిచిపోతే వేడికి పైపు పెరిగినప్పుడు స్ప్రింగు పనిచేయదు.

మన సూత్రాలు నిటారైన పైపుకు, సమంగా పరుచుకున్న బరువుకు మాత్రమే. మధ్యలో వాల్వు ఉంటే దాని బరువు ఒకేచోట పడుతుంది. దాన్ని మీటరు బరువులో కలిపి సర్దేయకూడదు, వాల్వుకు ఆనుకుని విడిగా ఒక సపోర్టు వేయాలి. బి31.1 పట్టిక కూడా సపోర్టుల మధ్య వాల్వులు, ఫ్లాంజిలు ఉంటే తన అంకెలు వర్తించవని చెబుతుంది. చల్లటి నీటి లైన్ల మీద చుట్టే ఇన్సులేషన్, దానిమీది రేకు బరువు మాత్రం సమంగా పరుచుకునేవే కాబట్టి వాటిని మీటరు బరువుకు కలుపుకోవచ్చు.

మీరు చేయవలసిన లెక్క

100 ఎన్.బి. పైపు తీసుకోండి. బయటి వ్యాసం 114.3 మి.మీ. నీలం పట్టీ పైపుకు మందం 4.5, ఎరుపు పట్టీ పైపుకు 5.4. రెండింటికీ నీళ్లు నిండిన మీటరు బరువు కనుక్కోండి. నీలం పట్టీ పైపుకు 2.5 మి.మీ. కుంగుడు హద్దుతో సపోర్టుల దూరం, 4 మీటర్లకొకటి వేస్తే ఒక్కో సపోర్టు మీద పడే బరువు కూడా రాబట్టండి.

జవాబులు: నీలం పట్టీకి ఇనుము 12.18, నీరు 8.71, మొత్తం 20.9 కిలోలు. ఎరుపు పట్టీకి ఇనుము 14.50, నీరు 8.41, మొత్తం 22.9 కిలోలు. ఎరుపు పట్టీలో ఇనుము 2.3 కిలోలు పెరిగినా మొత్తం 2 కిలోలే పెరిగింది, ఎందుకంటే గోడ లోపలికి పెరిగి కొంత నీటిని బయటికి నెట్టింది. నీలం పట్టీ పైపుకు కుంగుడు హద్దు ప్రకారం దూరం సుమారు 4.6 మీటర్లు. 4 మీటర్లకొకటి వేస్తే ఒక్కో సపోర్టు మీద 83.6 కిలోలు.